a/b*c: ఒక్క లైన్లో టైప్ చేస్తే లెక్క ఎక్కడ తిరగబడుతుంది?

ఈ ఎపిసోడ్‌లో ఒకే ఒక్క లైన్ గురించి మాట్లాడుకుందాం. స్క్రీన్ మీద చూడండి.

```
8÷2(2+2)
```

ఇది మీలో చాలామంది చూసే ఉంటారు. 2019 జులైలో ట్విట్టర్లో తిరిగి, ప్రపంచం మొత్తం కొట్టుకుంది దీని మీద. సగం మంది 16 అన్నారు, సగం మంది 1 అన్నారు. స్టీవెన్ స్ట్రోగట్జ్ అనే గణిత ప్రొఫెసర్ న్యూయార్క్ టైమ్స్‌లో దీని మీద వ్యాసమే రాశారు. అంతకు ముందు 2011లో కూడా ఇలాంటిదే, 6÷2(1+2), ఫేస్‌బుక్‌లో తిరిగింది. మన దగ్గరైతే వాట్సాప్‌లో "95 శాతం మంది ఫెయిల్ అయ్యారు, మీరు జీనియస్సా?" అని పైన రాసి పంపుతారు. ఆ 95 శాతం ఎవరు లెక్కపెట్టారో ఇప్పటికీ తెలీదు.

ఇందులో ఎవరు కరెక్టు అని తీర్పు చెప్పడానికి ఈ వీడియో చేయట్లేదు. ఆ లైన్ రాసినవాడు కావాలనే రెండు రకాలుగా చదివేలా రాశాడు. దాని మీద కొట్టుకోవడం టైమ్ వేస్టు. కానీ అదే తేడా మన ఎక్సెల్ షీట్లో, మన ల్యాబ్ రికార్డులో, మన సి ప్రోగ్రాంలో ఎవరూ కావాలని పెట్టకుండానే వచ్చి కూర్చుంటుంది. అక్కడ మాత్రం డబ్బులు పోతాయి, మార్కులు పోతాయి. నేను చెప్పాలనుకున్నది దాని గురించి.

ముందు ఒక చిన్న విషయం. ఈ గొడవ నోట్‌బుక్‌లో ఎందుకు రాదు? మీ ఇంటర్ ఫిజిక్స్ నోట్స్ తీసి చూడండి. భిన్నం ఎలా రాస్తాం? పైన ఒకటి, మధ్యలో అడ్డగీత, కింద ఒకటి. కింద b, c రెండూ పక్కపక్కన ఉంటే, ఆ గీత రెండింటి మీదుగా పొడవుగా వెళ్తుంది. c గీత పక్కన ఉంటే అది భిన్నం బయట ఉన్నట్టు. అంటే ఆ అడ్డగీత రెండు పనులు చేస్తోంది. "భాగించు" అని చెబుతోంది, దాంతోపాటు "నా కింద ఉన్నదంతా ఒక ముద్ద" అని కూడా చెబుతోంది. ఒక రకంగా అది కనిపించని బ్రాకెట్.

ఇప్పుడు ఆ భిన్నాన్ని ఫోన్లో టైప్ చెయ్యండి. పైన, కింద అనేది పోయింది. అడ్డగీత కాస్తా / గుర్తు అయిపోయింది. "భాగించు" అనే సగం వచ్చింది, "ముద్ద" అనే సగం రాలేదు. ఆ పోయిన సగాన్ని మనమే బ్రాకెట్ పెట్టి వెనక్కి తేవాలి. తేకపోతే ఏమవుతుంది? మెషీన్ తన రూల్ ప్రకారం పోతుంది.

ఆ రూల్ సింపుల్. సి, జావా, పైథాన్, ఎక్సెల్, గూగుల్ షీట్స్ అన్నింటిలోనూ * కి, / కి ఒకే స్థాయి. రెండూ వరసగా వస్తే ఎడమ నుంచి కుడికి. కాబట్టి a/b*c అంటే మెషీన్‌కి ఎప్పుడూ (a/b)*c. అందులో దానికి ఏ సందేహమూ లేదు. సందేహం మనకే. మనం మనసులో a కింద b, c రెండూ ఉన్నట్టు ఊహించుకుని టైప్ చేస్తాం.

దీనికి ఒక నిజమైన లెక్క చూద్దాం. మనది పలాస పక్క కదా, జీడిపప్పు లెక్కే చూద్దాం. ఉద్దానంలో పిక్కల బేరం బస్తాల్లో జరుగుతుంది, బస్తా అంటే 80 కేజీలు. ఆ మధ్య రైతులు బస్తాకి 16,000 రూపాయలు కావాలని అడిగారు, పేపర్లో చూసే ఉంటారు. ఆ రేటే తీసుకుందాం. పిక్కలో పప్పు ఎంత వస్తుందనేది పంటని బట్టి, ఎండబెట్టడాన్ని బట్టి మారుతుంది. మన లెక్క కోసం నాలుగో వంతు, అంటే 0.25 అనుకుందాం. కూలీ, బొగ్గు, కరెంటు ఏవీ కలపట్లేదు, ఉత్త సరుకు ఖర్చు మాత్రమే.

ప్రశ్న ఏంటంటే, కేజీ పప్పుకి సరుకు ఖర్చు ఎంత పడింది? బస్తా రేటుని, బస్తాలో వచ్చే పప్పుతో భాగించాలి. వచ్చే పప్పు 80 ఇంటూ 0.25, అంటే 20 కేజీలు. 16,000 బై 20, కేజీకి 800 రూపాయలు.

మా మావయ్య పిక్కలు కొని, పప్పు కొట్టించి అమ్ముతారు. ఎవరో తయారుచేసిన షీట్ ఒకటి ఆయనకి వాట్సాప్‌లో వచ్చింది. ఫోన్లో తెరిచి నాకు చూపించారు. B2లో బస్తా రేటు, C2లో పప్పు వంతు. ఫార్ములా ఇలా ఉంది:

```
=B2/80*C2
```

వచ్చిన జవాబు 50.

"ఏట్రా బాబూ ఇది, కేజీ జీడిపప్పు యాభై రూపాయలకి పడతాదా? అలాగైతే నాను రోజూ ఉప్మాలోనే ఏస్తాను" అన్నారు మావయ్య.

షీట్ ఏం చేసింది? ముందు 16,000 బై 80, అంటే 200. అది కేజీ పిక్కల రేటు, అక్కడివరకు బానే ఉంది. దాన్ని 0.25తో గుణించింది, 50 వచ్చింది. భాగించాల్సిన చోట గుణించింది. షీట్ రాసినవాడి కాగితం మీద 80, C2 రెండూ గీత కిందే ఉండి ఉంటాయి. టైప్ చేసేటప్పుడు గీత పోయింది, C2 పైకి ఎక్కేసింది. రాయాల్సింది ఇది:

```
=B2/(80*C2)
```

ఇది సులభంగా దొరికిపోయిన తప్పు. యాభై రూపాయల జీడిపప్పుని ఎవరూ నమ్మరు కాబట్టి దొరికింది. అసలు ప్రమాదం ఆ పక్క కాలమ్‌లో ఉంది.

పప్పు కొట్టాక పని అయిపోదు. పొట్టు తీయాలి, గ్రేడింగ్ చెయ్యాలి. ఆ దారిలో ఇంకొంత తరుగు పోతుంది. అది ఐదు శాతం అనుకుందాం. అంటే 20 కేజీలు కొట్టిస్తే చేతికి మిగిలేది 19 కేజీలు, వంతుగా రాస్తే 0.95. ఇది D2లో ఉంది. మొదటి తప్పు దిద్దేశాక కూడా షీట్లో తరుగు కలిపిన లైన్ ఇలా ఉంది:

```
=B2/(80*C2)*D2
```

జవాబు 760. చూడ్డానికి ఎంత బాగుందో చూడండి. ఎనిమిది వందల దగ్గర్లోనే ఉంది. ఎవరికీ డౌటు రాదు. కానీ సరైన లెక్క 16,000 బై 19, అంటే 842 రూపాయల 10 పైసలు. తేడా కేజీకి 82 రూపాయలు. ఈ షీట్ నమ్మి "నాకు 760 పడింది, 800కి అమ్మినా నలభై మిగుల్తుంది" అనుకుని ఎవరైనా అమ్మితే, మిగలడం కాదు, కేజీకి 42 రూపాయలు చేతి నుంచి పోతాయి. వంద కేజీలకి నాలుగు వేల పైమాటే. పైగా నష్టం ఎక్కడొచ్చిందో సీజన్ అయ్యేదాకా తెలీదు, ఎందుకంటే షీట్లో అంతా లాభమే కనిపిస్తోంది.

ఇక్కడ కొంచెం ఆగుదాం. మొదటి తప్పు 800ని 50 చేసింది, పదహారు రెట్లు తేడా. రెండోది 842ని 760 చేసింది, పది శాతం తేడా. తప్పు ఒకటే అయినప్పుడు తేడా ఒకచోట అంత, ఒకచోట ఇంత ఎందుకు?

రెండు రకాల చదువుల్నీ పక్కపక్కన పెట్టండి. ఒకటి a/b ని c తో గుణించడం. రెండోది a/b ని c తో భాగించడం. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే a పోతుంది, b పోతుంది, మిగిలేది c ఇంటూ c. అంటే c స్క్వేర్. అంతే. తప్పు ఎంత పెద్దది అనేది a మీద గానీ, b మీద గానీ ఆధారపడదు. ఒక్క c మీదే.

చెక్ చేద్దాం. మొదటి కేసులో c అంటే 0.25. దాని స్క్వేర్ 0.0625, అంటే పదహారో వంతు. 800లో పదహారో వంతు 50. సరిపోయింది. రెండో కేసులో c 0.95. స్క్వేర్ 0.9025. 842.10 ఇంటూ 0.9025, 760. సరిపోయింది.

దీన్నుంచి ఒక పనికొచ్చే సంగతి తెలుస్తుంది. c విలువ 1కి ఎంత దగ్గరగా ఉంటే తప్పు అంత బాగా దాక్కుంటుంది. c సరిగ్గా 1 అయితే అసలు కనపడదు, రెండు చదువులకీ ఒకే జవాబు. మనం ఫార్ములా టెస్ట్ చేసేటప్పుడు ఏం పెడతాం? ఈజీగా ఉంటుందని అన్నింటిలో ఒకట్లు పెడతాం. ఈ తప్పుని పట్టుకోవడానికి అది అస్సలు పనికిరాదు. తరుగు, కమిషన్, జీఎస్టీ, వడ్డీ ఇవన్నీ 0.95, 1.05, 1.18 లాంటి నంబర్లే కదా, అన్నీ 1 చుట్టుపక్కలే తిరుగుతాయి. అందుకే డబ్బుల షీట్లలో ఈ తప్పు ఏళ్ల తరబడి బతికేస్తుంది.

మరి పట్టుకోవడం ఎలా? నేను చేసేది ఇది. అనుమానం ఉన్న సెల్ ఒక్కదాన్నే మార్చి, జవాబు ఏ పక్కకి కదిలిందో చూస్తాను. జవాబు ఎంత అనేది అప్పుడు పట్టించుకోను. D2ని 0.95 నుంచి 0.90 చెయ్యండి. అంటే తరుగు ఐదు శాతం నుంచి పది శాతానికి పెరిగింది. తరుగు పెరిగితే కేజీ ఖర్చు పెరగాలా, తగ్గాలా? పెరగాలి కదా, ఇది చెప్పడానికి బీటెక్ అక్కర్లేదు. తప్పు షీట్లో 760 కాస్తా 720 అయింది. ఎక్కువ సరుకు పాడైతే పప్పు చవకైపోయింది! సరైన షీట్లో 842 నుంచి 889కి పెరుగుతుంది. మావయ్యకి c స్క్వేర్ అంటే ఏంటో చెప్పలేదు, ఇది మాత్రం చూపించాను. "ఆ, ఇది తలకిందులుగా ఉన్నాది" అని ఆయనే అన్నారు.

సరే, ఇప్పటిదాకా * గుర్తు రాసి ఉన్న లెక్కలు. అక్కడ మెషీన్లన్నీ ఒకే మాట మీద ఉన్నాయి. ఇప్పుడు * గుర్తు రాయకుండా వదిలేస్తే? అంటే 2 ఇంటూ π బదులు ఉత్త 2π అని రాస్తే? ఇక్కడ మెషీన్లే రెండు పార్టీలు.

మన ఇంజినీరింగ్ కాలేజీల్లో, అది విజయనగరం అయినా, రాజాం అయినా, టెక్కలి అయినా, చాలామంది చేతిలో కనిపించేది క్యాసియో fx-991MS. అందులో ఇది కొట్టండి:

```
1÷2π
```

0.159 వస్తుంది. అంటే అది 1/(2π) అని చదివింది. దాని మాన్యువల్లో కూడా రాసి ఉంటుంది, π ముందు ఇంటూ గుర్తు వదిలేస్తే ఆ గుణకారం మామూలు × ÷ కంటే ముందు అవుతుంది అని. ఇప్పుడు అదే కేలిక్యులేటర్లో మధ్యలో × పెట్టి 1÷2×π కొట్టండి. 1.5708 వస్తుంది. ఒకే కేలిక్యులేటర్, ఒకే లెక్క అనుకుంటాం, ఒక్క గుర్తు తేడా. ఎన్ని రెట్లు తేడా? c ఇక్కడ π. కాబట్టి π స్క్వేర్, 9.87 రెట్లు. ఆ సూత్రం ఇక్కడ కూడా తప్పలేదు.

ల్యాబ్‌లో ఇది ఎక్కడ తగుల్తుంది? స్ప్రింగ్‌కి బరువు కట్టి ఊపే ప్రయోగం గుర్తుందా? ఫ్రీక్వెన్సీ ఫార్ములా, ఒకటి బై రెండు పై, ఇంటూ రూట్ ఆఫ్ k బై m. ఎలక్ట్రికల్ వాళ్లకి రెజొనెన్స్‌లో కూడా ఆ రెండు పై కిందే ఉంటుంది. పక్కవాడు క్యాసియోలో 1÷2π కొడతాడు, కరెక్ట్ వస్తుంది. మీరు ఫోన్లో 1/2*pi అని టైప్ చేస్తారు, దాదాపు పది రెట్లు ఎక్కువ వస్తుంది. పది రెట్లు అంటే పాయింట్ ఒక స్థానం జరిగినట్టు ఉంటుంది. అందుకే చాలామంది "యూనిట్లలో ఏదో పోయింది, మిల్లీకి సెంటీకి మధ్య" అని వెతుకుతూ కూర్చుంటారు. తేడా సరిగ్గా పది కాకుండా 9.87 వస్తే మాత్రం యూనిట్ల వైపు చూడకండి, π పైకెక్కిందేమో చూడండి.

దాని తర్వాత వచ్చిన క్యాసియో మోడల్ fx-991EX ఇంకో మంచి పని చేస్తుంది. మీరు 6÷2(1+2) అని కొట్టి ఈక్వల్ నొక్కితే, అది స్క్రీన్ మీద మీ లైన్‌ని మార్చి 6÷(2(1+2)) అని బ్రాకెట్ తనే పెట్టి, 1 అని చూపిస్తుంది. గూగుల్ సెర్చ్‌లో 8÷2(2+2) టైప్ చేస్తే అది కూడా బ్రాకెట్ పెట్టి చూపిస్తుంది, కాకపోతే (8/2)*(2+2) అని, జవాబు 16. చూశారా, రెండూ రెండు పక్కలకి వెళ్లాయి. కానీ రెండూ నిజాయితీగా "నేను ఇలా చదివాను" అని చెబుతున్నాయి. జవాబు చూసే ముందు ఆ లైన్ చూడటం అలవాటు చేసుకోండి.

అమెరికాలో స్కూలు పిల్లలు వాడే టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్లదైతే ఇంకా తమాషా. వాళ్ల TI-82లో 1/2X అంటే 1/(2X). దాని తర్వాత వచ్చిన TI-83లో అదే కీలు నొక్కితే (1/2)X. ఒకే కంపెనీ, వరస నంబర్లు, జవాబులు వేరు. అన్నయ్య కేలిక్యులేటర్ తమ్ముడికి ఇచ్చేటప్పుడు ఇది కూడా చెప్పి ఇవ్వాలన్నమాట.

ప్రోగ్రామింగ్ భాషలు ఈ గొడవని వేరే రకంగా తెంపేశాయి. పైథాన్‌లో టైప్ చేసి చూడండి:

```
>>> 8/2(2+2)
TypeError: 'int' object is not callable
```

2 పక్కన బ్రాకెట్ చూసి, అది 2 అనే ఫంక్షన్‌ని పిలుస్తున్నారనుకుంది. * రాయకపోతే గుణకారమే లేదు, కాబట్టి 16 కాదు, 1 కాదు, ఎర్రర్. నాకు వ్యక్తిగతంగా ఇదే నచ్చుతుంది. తెలియనప్పుడు తెలియదని చెప్పేవాళ్లతో పని తేలిక. జూలియా అనే భాష మాత్రం గుర్తు వదిలేయనిస్తుంది, 1/2x అని రాస్తే క్యాసియోలాగా 1/(2x) అనే చదువుతుంది.

ఇంతకీ క్యాసియో అలా ఎందుకు చదువుతుంది? ఏదో పొరపాటు కాదు. పుస్తకాల్లో మనుషులు అలాగే చదువుతారు కాబట్టి. ఎక్కడైనా లైన్ మధ్యలో 1/2π అని కనిపిస్తే, ఫిజిక్స్ చదివిన ఎవరూ దాన్ని అర ఇంటూ π అనుకోరు. 2, π ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి కదా, మన కన్ను వాటిని ఒకే ముద్దగా చూస్తుంది. ఫిజికల్ రివ్యూ లాంటి జర్నల్స్ వాళ్ల రాత నియమాల్లో కూడా / తర్వాత అంటుకున్న గుణకారం ముందు అనే పద్ధతే ఉంది. స్కూల్లో నేర్పే రూలు, జర్నల్లో నడిచే రూలు ఒకటి కాదు. 8÷2(2+2) గొడవ మొత్తం ఈ రెండు అలవాట్ల మధ్య గొడవే.

స్కూలు అన్నాను కాబట్టి బోడ్‌మాస్ సంగతి. మనకి బోడ్‌మాస్ అని నేర్పారు, అందులో డి ముందు, ఎం తర్వాత. అమెరికా వాళ్లకి పెమ్‌డాస్, అందులో ఎం ముందు, డి తర్వాత. అక్షరాల వరసే రూలు అనుకుంటే మనకో జవాబు, వాళ్లకో జవాబు రావాలి. అసలు ఉద్దేశం అది కాదు, డి, ఎం రెండూ ఒకే మెట్టు మీద కూర్చున్నాయి, ఎడమ నుంచి వచ్చినది ముందు. నమ్మకపోతే ఏ, ఎస్‌తో చూడండి. 10−4+3ని అక్షరాల వరసలో చేస్తే ముందు కూడిక, 4+3 ఏడు, పదిలోంచి తీస్తే 3. కానీ జేబులో పది ఉండి, నాలుగు ఖర్చుపెట్టి, మూడు వస్తే మీ దగ్గర 9 ఉంటుంది. మూడు అని ఏ కిరాణా కొట్టువాడూ ఒప్పుకోడు.

కానీ మన బోడ్‌మాస్‌లో ప్రత్యేకంగా చూడాల్సిన అక్షరం ఒకటి ఉంది. ఓ. చాలాచోట్ల దాన్ని ఆర్డర్ అని, ఘాతాలని చెబుతారు. మన కోచింగ్ సెంటర్లలో మాత్రం అది "ఆఫ్". శ్రీకాకుళంలో బ్యాంకు, రైల్వే, కానిస్టేబుల్ పరీక్షలకి చదివేవాళ్లు సింప్లిఫికేషన్ చాప్టర్లో ఇది చేసే ఉంటారు:

```
36 ÷ 3 of 4
```

ఆఫ్ అంటే గుణకారమే, కానీ భాగహారం కంటే ముందు చెయ్యాలి. కాబట్టి 36 బై 12, జవాబు 3. ఆఫ్ బదులు × ఉంటే 36÷3×4, జవాబు 48. పదహారు రెట్లు, మళ్లీ నాలుగు స్క్వేర్. అంటే క్యాసియో 2πతో చేసే పనే, మన పాత లెక్కల పుస్తకం ఆఫ్ అనే మాటతో చేసింది. "3 ఆఫ్ 4" అంటే ఒక ముద్ద. పరీక్షలో ఆఫ్ కనిపిస్తే ముందు అదే చెయ్యండి. కానీ అదే లెక్కని ఫోన్లో చెక్ చేసుకోవాలనుకుంటే ఆఫ్ చోట * పెట్టి ఊరుకోకండి, 36/(3*4) అని కొట్టండి. లేకపోతే కరెక్ట్‌గా చేసిన లెక్కని తప్పనుకుని కొట్టేసుకుంటారు. దీనివల్ల కీ తప్పని వాదించేవాళ్లని నేను చూశాను.

ఇంకొకటి, సి నేర్చుకునే ఫస్ట్ ఇయర్ వాళ్ల కోసం. ఇది గ్రూపింగ్ సరిగ్గానే ఉన్నా కొంప ముంచే రకం.

```c
int m = 450, t = 600;
printf("%d", m/t*100);
```

మార్కుల పర్సంటేజీ. 75 రావాలి, వచ్చేది 0. ఎడమ నుంచి కుడికే వెళ్లింది, (m/t)*100 అనే చదివింది, మనం అనుకున్నదీ అదే. కానీ రెండూ పూర్ణసంఖ్యలు కాబట్టి 450/600 దగ్గరే దశాంశం కోసేసి 0 చేసింది. సున్నాని వందతో గుణిస్తే సున్నా. కాగితం మీద a/b*c, a*c/b రెండూ ఒకటే. సి పూర్ణసంఖ్యల్లో ఒకటి కాదు. 100*m/t అని రాస్తే ముందు 45,000 అవుతుంది, 600తో భాగిస్తే 75. దశాంశాలు కూడా కావాలంటే 100.0*m/t, అప్పుడు %d తీసి %f పెట్టండి. ఇందాకటి ఫ్రీక్వెన్సీ ఫార్ములాని సిలో 1/2*3.14 అని మొదలుపెట్టినవాళ్లకి కూడా ఇదే గతి. 1/2 దగ్గరే సున్నా, ఆ తర్వాత ఎంత పెద్ద k ఇచ్చినా స్ప్రింగ్ కదలదు.

మరి ఎలా రాయాలి? కింద రెండు ఉంటే బ్రాకెట్, a/(b*c). నాకైతే ఇదొక్కటే చాలు. కొంతమంది a/b/c అని రాస్తారు. మెషీన్ దగ్గర అది కరెక్టే, a బై b, మళ్లీ బై c. కానీ చదివే మనిషికి అది a బై (b/c) లాగా కూడా కనిపిస్తుంది. కొలతల యూనిట్లకి ప్రపంచం మొత్తానికి రూల్స్ రాసే ఎస్ఐ బ్రోచర్లో కూడా, బ్రాకెట్లు లేకుండా ఒకే ఎక్స్‌ప్రెషన్‌లో / ఒకసారి కంటే ఎక్కువ వాడకూడదని ఉంది. స్పెసిఫిక్ హీట్ యూనిట్ గుర్తు తెచ్చుకోండి. J/kg K అని రాసినవాడు K కింద ఉందని అనుకుంటాడు, చదివినవాడికి అది పైన కూడా ఉండొచ్చు. J/(kg K) అంటే ఇక మాటే లేదు.

c నిజంగానే పైన ఉండాల్సినదైతే? అప్పుడు a/b*c కరెక్టే, కానీ నేను a*c/b అని రాస్తాను, కింద ఉండేది చివరికి పోతుంది, చదివేవాడికి పని తగ్గుతుంది. లైన్ పొడవైతే విడగొట్టేస్తాను. మావయ్య షీట్లో చివరికి చేసింది అదే. ఒక్క సెల్లో అంతా కుక్కడం మానేసి, E2లో చేతికొచ్చే పప్పు ఎన్ని కేజీలో పెట్టాం, F2లో దానితో భాగించాం.

```
E2:  =80*C2*D2
F2:  =B2/E2
```

E2లో 19 అని కనిపిస్తుంది. బస్తాకి పందొమ్మిది కేజీలు వస్తాయా రావా అనేది మావయ్యకి నాకంటే బాగా తెలుసు. ఆ సెల్ చూసి "మొన్న ఎండలు సరిగా కాయలేదు కదరా, పద్దెనిమిదే పెట్టు" అన్నారు. పెట్టాం. F2 888.89 అయింది.